ఇంట్లో తెలుగు వాయిస్ ఓవర్: గొంతు బావిలోంచి వచ్చినట్టు ఎందుకుంటుంది, లైను టైములో ఎలా పట్టించాలి

ప్రశ్న: మా ఫ్లాట్‌లో 10 బై 11 అడుగుల బెడ్‌రూమ్‌లో యూఎస్‌బీ కండెన్సర్ మైకు పెట్టుకుని ఇంగ్లిష్ ట్రైనింగ్ వీడియోలకు తెలుగు వాయిస్ చెబుతున్నాను. గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉంటోంది. నాయిస్ తీసేస్తే నీళ్లలోంచి మాట్లాడినట్టు అవుతోంది. గోడకి ఫోమ్ కూడా అంటించాను, తేడా లేదు. పైగా తెలుగు లైను ఇంగ్లిష్ లైను టైములో పట్టడం లేదు. గబగబా చదివితే క్లయింట్ వెనక్కి పంపేస్తున్నారు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

సమాధానం:

బావి సంగతీ నీళ్ల సంగతీ రెండు వేర్వేరు సమస్యలు కావు, మొదటిదాన్ని రెండోదానితో బాగుచేయబోవడం వల్ల వచ్చిన తంటా. ఫ్యాను చప్పుడు, ఏసీ రొద లాంటివి మీరు మాట్లాడినా మాట్లాడకపోయినా ఒకేలా ఉంటాయి కాబట్టి సాఫ్ట్‌వేర్ వాటిని గుర్తుపట్టి తగ్గించగలదు. గది మోత అలా కాదు. అది మీ గొంతే, గోడకు తగిలి కాస్త ఆలస్యంగా తిరిగొచ్చిన మీ గొంతు. మీరు ఆగితే అదీ ఆగిపోతుంది. నాయిస్ తీసే టూల్‌కి అది నాయిస్‌లా కనబడదు. పోవడం లేదు కదా అని మీరు సెట్టింగ్ పెంచుతూ పోతారు, అది గొంతునే కొరుక్కు తింటుంది, మోత మాత్రం అలాగే ఉంటుంది. అందుకే ముందు మైకు, తర్వాత గది, ఆ తర్వాతే క్లీనింగ్. ఈ వరుస తిరగేస్తే ఎన్ని ప్లగిన్లు కొన్నా దండగే.

మైకు దగ్గర మొదలుపెడదాం. మీది యూఎస్‌బీ కండెన్సర్ అంటున్నారు, నిలువుగా స్టాండు మీద ఉండేదే అయితే ముందు ఒకటి చూసుకోండి. ఇలాంటి వాటిలో చాలావరకు పక్కనుంచి మాట్లాడేవే. ఐస్‌క్రీమ్ పట్టుకున్నట్టు పైభాగాన్ని నోటివైపు వంచి మాట్లాడితే గొంతు పలచగా, దూరంగా వస్తుంది. సాధారణంగా కంపెనీ గుర్తు ఉన్న వైపు మీకు ఎదురుగా ఉండాలి. వెనకాల ప్యాటర్న్ మార్చే మీట ఉంటే గుండె ఆకారం మీద పెట్టండి. గుండ్రం బొమ్మ మీద ఉంటే మైకు అన్ని వైపులనుంచీ వింటుంది, అంటే గదినంతా వింటుంది. నవ్వకండి, కొత్తలో నేను ఒక నలభై నిమిషాల ఫైలు మొత్తం ఆ గుండ్రం బొమ్మ మీదే చెప్పి పంపాను. మళ్లీ మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది.

ఇక దూరం. నోటికీ మైకుకీ మధ్య 15 నుంచి 20 సెంటీమీటర్లు, అంటే జానెడుకి కాస్త తక్కువ. వేళ్లు చాపి బొటనవేలు పెదవికి ఆనిస్తే చిటికెనవేలు దాదాపు మైకుకి తగలాలి. ఈ కొలత ఊరికే చెప్పడం లేదు. దూరం సగానికి తగ్గిన ప్రతిసారీ నోట్లోంచి నేరుగా మైకుకి చేరే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. గదిలో తిరిగే మోత మాత్రం మైకు ఎక్కడున్నా ఇంచుమించు అంతే ఉంటుంది. ఇప్పుడు మీ మైకు బల్ల అవతలి అంచున, 60 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. దాన్ని 15కి తెస్తే గొంతు, మోతల మధ్య తేడా 12 డెసిబెల్స్ పెరిగినట్టు. పైసా ఖర్చు లేదు. గోడకి అంటించిన పలచటి ఫోమ్ ఇంత మార్పు తేలేదు.

అలాగని మైకుని ముద్దు పెట్టుకునేంత దగ్గరికి వెళ్లకండి. గుండె ఆకారం ప్యాటర్న్ ఉన్న మైకులు మరీ దగ్గరికొస్తే కింది స్వరాలను ఉబ్బిస్తాయి. రేడియోలో బాగుంటుంది కానీ ట్రైనింగ్ వీడియోలో మాట స్పష్టత పోతుంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఐదు సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు తల ఇంకో ఐదు వెనక్కి పోతే దూరం రెట్టింపవుతుంది, సౌండు 6 డెసిబెల్స్ పడిపోతుంది. ఇరవై దగ్గర అంతే కదిలితే పడేది 2 డెసిబెల్సే. స్క్రిప్టు చూస్తూ చదివేవాళ్ల తల కదలకుండా ఉండదు.

మైకుని నోటికి సూటిగా కూడా పెట్టకండి. అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని "భూమి", "పంపు", "ఫలితం" అని చూడండి, గాలి ఎటు కొడుతుందో తెలుస్తుంది. ఆ గాలి మైకు పక్కనుంచి వెళ్లిపోవాలి. కాబట్టి మైకుని మూతి కొసకి ఎదురుగా, ఒక 30 డిగ్రీలు పక్కకి, పైపెదవి ఎత్తులో పెట్టి నోటివైపు తిప్పండి. మీరు మాత్రం నేరుగా ఎదురుగా చూస్తూ చదవండి. మధ్యలో పాప్ ఫిల్టర్ ఉంటే మైకుకి మూడు నాలుగు వేళ్ల ఎడంలో ఉండాలి, ఆనించి పెడితే పనిచేయదు. "స", "శ"ల ఈల కూడా ఈ పక్క కోణంతోనే చాలావరకు తగ్గుతుంది.

చాలామంది పట్టించుకోని దొంగ ఒకడున్నాడు, బల్ల. నోరు, మైకు రెండూ బల్లకి 40 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్నాయనుకుందాం. మీ గొంతు నేరుగా 15 సెంటీమీటర్లు ప్రయాణించి మైకుకి చేరుతుంది. బల్లకి తగిలి వచ్చేది 80 సెంటీమీటర్లకు పైగా తిరిగి సుమారు 2 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. అంత తక్కువ ఆలస్యం చెవికి ఎకోలా వినిపించదు. రెండూ కలిసి కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు బోలుగా అవుతుంది. మీరు "బావి" అంటున్నదానిలో కొంత వాటా దీనిదే అయి ఉంటుంది. తెలుసుకోవడం తేలిక. మందపాటి తువ్వాలు నాలుగు మడతలు పెట్టి బల్ల మీద పరచి అదే వాక్యం మళ్లీ చెప్పండి. తేడా వినబడితే దొంగ దొరికినట్టే. లాప్‌టాప్ స్క్రీన్ కూడా ఇదే పని చేస్తుంది, కాబట్టి దాన్ని పక్కకి జరపండి. స్క్రిప్టుని ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో పెట్టుకుని చదవండి, కాగితం తిప్పిన చప్పుడూ తప్పుతుంది. అసలు బల్లే లేకుండా నేలమీద స్టాండుకి మైకు పెట్టి నిలబడి చదివితే ఇంకా మంచిది. ఊపిరి కూడా బాగా అందుతుంది.

ఇప్పుడు గది. మీరు ఫోమ్ ఎక్కడ అంటించారో చెప్పలేదు కానీ ఊహించగలను. మైకు వెనకాల, అంటే మీకు ఎదురుగా కనిపించే గోడకి. అందరూ మొదట అక్కడే అంటిస్తారు. నేనూ అదే చేశాను. కానీ గుండె ఆకారం మైకు తన వెనకవైపు తక్కువ వింటుంది, తన ముందున్నదాన్ని ఎక్కువ వింటుంది. దాని ముందు ఉన్నది మీరు, మీ తల వెనకున్న ఖాళీ గోడ. కాబట్టి మొదటి బొంత మీ వీపు వెనక పడాలి. రెండోది, మూడోది మీకు రెండు పక్కలా. మైకు వెనక గోడ ఆఖరికి. మైకు వెనక బిగించే అర్ధచంద్రాకారపు డాలు లాంటిది ఆన్‌లైన్‌లో అమ్ముతారు. దాని మీద నాకు పెద్ద నమ్మకం లేదు. కారణం ఇదే, అది మైకు తక్కువ వినే వైపున ఉంటుంది.

రెండోది, మందం. ఒక అంగుళం ఫోమ్ పైస్వరాలను మాత్రమే పీల్చుకుంటుంది. చప్పట్లు కొడితే "ఆహా, ఎకో తగ్గింది" అనిపిస్తుంది. కానీ గొంతులో బరువంతా ఉండే కింది, మధ్య స్వరాలు దాన్ని పట్టించుకోకుండా దాటి గోడకి తగిలి తిరిగొస్తాయి. ఫలితంగా గది మోత పోదు, ఉన్నదానిలో మెరుపు పోయి మసకగా తయారవుతుంది. కోడిగుడ్ల అట్టలు అంతకన్నా దండగ. కావాల్సింది బరువూ మందమూ ఉన్న మెత్తటి సరుకు. అది మన ఇళ్లలో ఉండనే ఉంటుంది. పాతచీరలతో కుట్టిన బొంత, దూది పరుపు, చలికాలం రజాయి, ఇవి చాలు. గదిలో అడ్డంగా ఒక దండెం కట్టి బొంతని రెండు మడతలుగా వేలాడదీయండి. గోడకి ఆనించకుండా ఓ 10 సెంటీమీటర్ల ఖాళీ వదిలితే అదే బొంత ఇంకాస్త కింది స్వరాలను కూడా పట్టుకుంటుంది. పరుపుని నిలబెట్టగలిగితే వీపు వెనక దానికి మించింది లేదు. కింద టైల్స్ ఉంటే నిలబడే చోట ఇంకో దుప్పటి.

సరిపోయిందో లేదో ఇలా చూసుకోండి. మైకు పెట్టి, నిలబడే చోట నిలబడి, "టక్" అని గట్టిగా అని నోరు మూసేయండి. హెడ్‌ఫోన్స్‌లో సౌండు పెంచి ఆ "టక్" తర్వాత ఏం వినబడుతుందో వినండి. "ట్ర్ర్‌ర్" అని ఝంకారం లాంటిది వస్తే రెండు ఖాళీ గోడలు ఎదురెదురుగా బంతాట ఆడుతున్నాయని అర్థం. ఆ రెంటిలో ఒకదానికి బొంత కడితే పోతుంది. "హుం" అని బరువుగా తోక వస్తే అది మందం సరిపోని లెక్క. ఏమీ లేకుండా తెగినట్టు ఆగితే గది అయిపోయింది. ఇంకేమీ కొనకండి.

బొంతలతో పోనిది ఒకటుంది. 10 అడుగుల గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గరా, దానికి రెట్టింపు 112 దగ్గరా గది గుంయ్‌మంటుంది. 11 అడుగుల వైపు 51, 102. మగగొంతు మూలస్వరం చాలామందికి ఈ వంద, నూటపది చుట్టుపక్కలే ఉంటుంది. అందుకే కొన్ని మాటలు మాత్రమే ఉన్నట్టుండి ఉబ్బుతాయి. దీనికి తేలికైన మందు చోటు మార్చడం. గది నట్టనడుమ వద్దు, మూలా వద్దు. రెండు గోడల నుంచీ సుమారు మూడోవంతు దూరంలో నిలబడి, "ఓ" అని కిందినుంచి పైకి సాగదీస్తూ రికార్డు చేయండి. ఒక మెట్టు మీద గొంతు ఉబ్బితే అరడుగు జరిగి మళ్లీ చూడండి. నాకు మా గదిలో ఆ చోటు దొరకడానికి ఒక సాయంత్రం పట్టింది. దొరికాక నేల మీద టేపు అంటించాను.

బొంత మోతనే పీల్చుకుంటుంది, బయటి చప్పుడుని ఆపదు. ఈ రెండూ చాలామంది కలిపేస్తారు. వీధిలో కూరగాయల బండి మైకు, పక్కింటి కుక్కర్ విజిల్, పైఫ్లాట్ వాళ్లు కుర్చీ లాగడం, వీటికి టైము ఎంచుకోవడమే దారి. నాకు రాత్రి పదిన్నర తర్వాత కుదురుతుంది. తెల్లవారుజామున అంటారు కానీ మా వీధిలో కోయిలలు ఒప్పుకోవు. ఫ్యాను ఆపాల్సిందే, వేరే దారి లేదు. ఎండాకాలంలో పదిహేను నిమిషాలు చెప్పి, పది నిమిషాలు ఫ్యాను వేసుకుని, మళ్లీ పదిహేను. లాప్‌టాప్‌ని చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి. చార్జర్ పెట్టినప్పుడు సన్నని "జీ" అని వచ్చి, తీస్తే పోతుంటే అది కరెంటు హమ్. చాలాసార్లు ఎర్తింగ్ సరిగా లేని ప్లగ్గు వల్ల వస్తుంది.

రికార్డింగ్ మొదలుపెట్టే ముందు పది సెకన్లు ఏమీ మాట్లాడకుండా, కదలకుండా, ఖాళీ గదిని రికార్డు చేసి విడిగా ఒక ఫైలుగా దాచండి. ఇది రెండు విధాల పనికొస్తుంది. క్లీనింగ్‌లో నమూనాగానూ, లైన్ల మధ్య ఖాళీల్లో అతికించడానికీ. అది ఎంత నిశ్శబ్దంగా ఉందో కొలవాలంటే, ఆ ఫైలుకి room.wav అని పేరు పెట్టి ffmpeg అనే ఉచిత టూల్‌తో కమాండ్ లైనులో ఇలా నడపండి:

```
ffmpeg -i room.wav -af volumedetect -f null -
```

వచ్చిన దాంట్లో mean_volume చూడండి. అదే కమాండ్ మీరు మాట్లాడిన ఫైలు మీద కూడా నడిపి రెండిటి మధ్య తేడా తీయండి. ఆడియోబుక్స్ తీసుకునే ఏసీఎక్స్ వాళ్లు గొంతు సగటున -23, -18 డెసిబెల్స్ మధ్య, ఖాళీ గది -60 కన్నా కింద ఉండాలంటారు. అంటే తేడా దాదాపు 40. తేడా అంత ఉంటే మీకు నాయిస్ తీసే టూల్ అవసరం దాదాపు ఉండదు. విడిగా ఖాళీ గది అంకె ఒక్కటే చూసి మురిసిపోకండి. గెయిన్, అంటే మైకు సౌండుని ఎంత పెంచి తీసుకోవాలో చెప్పే మీట, తగ్గించి రికార్డు చేస్తే అదీ తగ్గి కనబడుతుంది, తర్వాత గొంతు పెంచినప్పుడు దానితో పాటే పైకొస్తుంది. గెయిన్ ఎంత అంటారా, గట్టిగా చెప్పిన మాట దగ్గర మీటరు -12, -6 మధ్య ఆడేలా. వీడియో కోసం కాబట్టి 48 కిలోహెర్ట్జ్, 24 బిట్.

క్లీనింగ్ క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే పైదంతా చేశాక చేయడానికి పెద్దగా మిగలదు. ఆడాసిటీ అనే ఉచిత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ముందు High-Pass Filter, మగగొంతుకి 80 హెర్ట్జ్, ఆడగొంతుకి 100. వాహనాల అదురు, స్టాండు తగిలిన దడ పోతాయి. తర్వాత ఆ ఖాళీ గది ఫైలుని అదే ట్రాక్ మొదట్లో అతికించి, ఎంచుకుని, Noise Reduction లో Get Noise Profile నొక్కి, మొత్తం ఎంచుకుని 6 డెసిబెల్స్ తగ్గించండి. మరీ తప్పదంటే 9. మీరు 20, 24 పెట్టి ఉంటారు, అందుకే నీళ్లలోంచి వచ్చినట్టు అయింది. ఆ టూల్ శబ్దాన్ని చిన్న చిన్న స్వరాల ముక్కలుగా చేసి ఏది నాయిస్ కన్నా తక్కువుంటే దాన్ని నొక్కేస్తుంది. ఎక్కువ నొక్కితే మిగిలిన ముక్కలు అక్కడక్కడా బుడగల్లా పైకి తేలతాయి.

తెలుగుకి ఇక్కడ ఒక ప్రత్యేకమైన గండం ఉంది. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, అదీ వాక్యం చివర మెల్లగా దిగిపోతూ. "వస్తుంది", "తిరుగుతాడు" అన్నప్పుడు ఆ చివరి "ది", "డు" గుసగుసంత మెల్లగా ఉంటాయి. బలంగా నాయిస్ తీసినా, మెల్లటి శబ్దాన్ని పూర్తిగా మూసేసే గేట్ వేసినా ముందు పోయేది అవే. "వస్తుం", "తిరుగుతా" అని తెగిపోతుంది. ఇంగ్లిష్ ట్యుటోరియల్స్ చూసి గేట్ సెట్టింగులు దించుకునేవాళ్లకి ఇది తెలియదు, వాళ్ల తప్పూ కాదు. గేట్ వాడకండి. సెట్టింగ్ సరిపోయిందా లేదా అని చూడాలంటే ఫైలులోని ఐదారు వాక్యాల చివర్లు మాత్రమే వినండి, మధ్యలు వినక్కర్లేదు.

ఊపిరి శబ్దాలను పూర్తిగా కోసేయకండి, 8 నుంచి 10 డెసిబెల్స్ తగ్గించండి చాలు. కోసిన చోట సంపూర్ణ నిశ్శబ్దం పడితే చెవికి గుంతలో కాలు పడినట్టుంటుంది. ఖాళీల్లో ఆ దాచిన గది శబ్దమే పరచండి. నోట్లో టిక్ టిక్ చప్పుళ్లు వస్తుంటే మంచినీళ్లు తాగండి. పెరుగన్నం తిని వెంటనే మైకు ముందుకు రాకండి, గొంతులో జిగురు తేలికగా పోదు.

ఇప్పుడు అసలు విషయం, టైమింగ్. మీరు గబగబా చదవడం వల్ల క్లయింట్ వెనక్కి పంపుతున్నారంటే వాళ్లది తప్పు కాదు. తెలుగులో వేగం పెరిగితే ముందు కుదించుకుపోయేవి దీర్ఘాలూ ఒత్తులూ. "పాలు" పోయి "పలు" అవుతుంది, "మొక్క" కాస్తా "మొక" అవుతుంది. ఇంగ్లిష్‌లో వేగంగా చదివితే వేగంగా చదివారనే అనిపిస్తుంది, మన దగ్గర మాటే మారిపోతుంది. కాబట్టి టైమింగ్ మైకు దగ్గర పరిష్కారమయ్యేది కాదు. స్క్రిప్టు దగ్గరే తేల్చుకోవాలి, మైకు ఆన్ చేయకముందే.

ముందు మీ వేగం మీరు కొలుచుకోండి. పదాలు లెక్కపెట్టడం మనకి పనికిరాదు, "నిర్ధారించుకోవాలి" కూడా ఒక పదమే, "ఈ" కూడా ఒక పదమే. అక్షరాలు లెక్కపెట్టండి. "కరెంటు" అంటే మూడు. "మిషన్"లో చివరి పొల్లు లెక్కలోకి రాదు, కాబట్టి రెండు. ఒక రెండొందల అక్షరాల పేరా మీకు హాయిగా ఉన్న వేగంతో చదివి స్టాప్‌వాచ్ చూడండి. నాకు సెకనుకి ఆరున్నర అక్షరాలు వస్తుంది. మీకు ఆరు రావచ్చు, ఏడు రావచ్చు. ఆ అంకె రాసిపెట్టుకోండి.

ఒక లైను తీసుకుందాం. ఫ్యాక్టరీ భద్రత వీడియోలో ఇంగ్లిష్ గొంతు 4.2 సెకన్లు మాట్లాడుతుంది. అనువాదంలో మీకు ఇలా వచ్చిందనుకోండి: "ఈ పరికరాన్ని ఉపయోగించడానికి ముందు విద్యుత్ సరఫరా నిలిపివేయబడిందని నిర్ధారించుకోవాలి." లెక్కపెడితే 38 అక్షరాలు. నా వేగంతో 5.8 సెకన్లు. 4.2లో పట్టాలంటే దాదాపు నలభై శాతం వేగం పెంచాలి, జరిగే పని కాదు. 4.2 సెకన్లలో నాకు పట్టేది 27 అక్షరాలు. ఇప్పుడు ఆ వాక్యాన్ని మనిషి మనిషికి చెప్పినట్టు మార్చుదాం: "ఈ మిషన్ వాడే ముందు కరెంటు ఆపారో లేదో చూసుకోండి." పందొమ్మిది. మూడు సెకన్లలో అయిపోతుంది, మరీ పొట్టి. అవతల ఇంగ్లిష్ మనిషి ఇంకా నోరు ఆడిస్తూనే ఉంటాడు. కొంచెం పెంచుదాం: "ఈ మిషన్ ముట్టుకునే ముందు మెయిన్ స్విచ్ ఆపారో లేదో ఒకసారి చూసుకోండి." ఇరవై ఐదు. 3.8 సెకన్లు. చిన్న ఊపిరికి చోటు కూడా మిగిలింది. ఇక్కడ తగ్గింది భావం కాదు, "నిలిపివేయబడిందని నిర్ధారించు" అనే ఆఫీసు భాష. "బడు" కనబడిన ప్రతిచోటా ఆగి చూడండి, అక్షరాలు అక్కడే దాక్కుని ఉంటాయి.

అంకెలు మోసం చేస్తాయి. స్క్రిప్టులో 1998 అని నాలుగు అంకెలే కనిపిస్తాయి, చదివితే "పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది", పదమూడు అక్షరాలు, రెండు సెకన్లు. కాబట్టి లెక్క వేసే ముందు అంకెలన్నీ పలికినట్టు మాటల్లో రాసేయండి. సంక్షిప్త నామాలూ అంతే.

మొత్తం పొడవు సరిపోయినా లోపల పొంతన తప్పే సందర్భం ఇంకొకటి ఉంది. ఇంగ్లిష్ లైను ముందు పచ్చ బటన్ నొక్కమని, ఆ తర్వాత పంపు మొదలవుతుందని చెబుతుంది. బొమ్మలో కూడా వేలు ముందు బటన్ మీద పడుతుంది, తర్వాత పంపు తిరుగుతుంది. మనం అలవాటుగా "పంపు ఆన్ చేయడానికి పచ్చ బటన్ నొక్కండి" అని రాస్తాం. వ్యాకరణం బాగానే ఉంది, కానీ వేలు బటన్ మీద పడేసరికి గొంతు పంపు గురించి మాట్లాడుతోంది, పంపు తిరిగేసరికి బటన్ అంటోంది. దీన్నే "పచ్చ బటన్ నొక్కితే పంపు ఆన్ అవుతుంది" అని తిప్పండి. నొక్కితే, తిప్పాక, తీసి, పెట్టి, ఇలాంటి అసమాపక క్రియలు మనకున్న గొప్ప సదుపాయం. బొమ్మ ఏ వరుసలో నడిస్తే వాక్యాన్నీ అదే వరుసలో నడిపిస్తాయి. పొడవు సరిచూసుకున్నాక ప్రతి లైనూ ఒకసారి వీడియో మ్యూట్‌లో పెట్టి చూస్తూ చదవండి, ఈ తేడాలు అప్పుడే బయటపడతాయి.

ఇది పెదవుల కదలికకి అతికించే డబ్బింగ్ కాకుండా, వెనక ఇంగ్లిష్ గొంతు మెల్లగా వినబడుతుండగా పైన తెలుగు చెప్పే పద్ధతి అయితే మీకు కాస్త వెసులుబాటు ఉంది. ఇంగ్లిష్ మొదలైన అర సెకను నుంచి ఒక సెకను తర్వాత మీరు మొదలుపెట్టి, వాళ్లకన్నా కొంచెం ముందో, వాళ్లతో పాటో ముగించవచ్చు. క్లయింట్‌కి ఏ పద్ధతి కావాలో ముందే అడగండి. ఏదైనా సరే, వీడియో వింటూ చెప్పేటప్పుడు చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్సే వాడండి, సౌండు తగ్గించి. లేకపోతే ఇంగ్లిష్ గొంతు హెడ్‌ఫోన్‌లోంచి కారి మీ మైకులో పడుతుంది. దాన్ని తర్వాత శుభ్రంగా తీయడం చాలా కష్టం.

ఇంత చేశాక కూడా కొన్ని లైన్లు కొద్దిగా దాటుతాయి. 4.2 సెకన్ల చోట 4.4 వచ్చిందనుకోండి. ముందు మాటల మధ్య ఖాళీల్లో వెతకండి, రెండు చోట్ల పదో వంతు సెకను చొప్పున కోస్తే సరిపోతుంది, ఎవరికీ తెలియదు. అదీ కుదరకపోతే Change Tempo తో 5 శాతం వరకు వేగం పెంచవచ్చు, ఈ లైనుకి కావాల్సింది అంతే. నేను 5 దాటను. ఎనిమిది, పది శాతానికి "స", "చ"లు గరగరమంటాయి, పక్క లైనుతో పోలిస్తే మనిషి కంగారుపడుతున్నట్టు తెలిసిపోతుంది. సాగదీయడం ఇంకా ఘోరం, అచ్చులు వణుకుతాయి. పొట్టి లైనుని సాగదీయకుండా మళ్లీ చెప్పడమే నయం.

మళ్లీ చెప్పడం అన్నాను కాబట్టి ఒక చేదు అనుభవం. ఓసారి ఒక సిరీస్ అయిపోయిన పది రోజులకి క్లయింట్ ఆరు లైన్లు మార్చి పంపారు. ఈలోగా చుట్టాలొచ్చి పరుపు తీసేశాం, మైకు బీరువాలోకి వెళ్లింది. మళ్లీ అన్నీ సర్ది ఆరు లైన్లూ చెప్పాను. వీడియోలో పెడితే ఆరు చోట్లా వేరే మనిషి వచ్చి మాట్లాడి వెళ్లినట్టు ఉంది. మైకు ఈసారి జానెడున్నర దూరంలో పెట్టానని తర్వాత తెలిసింది. ఈక్వలైజర్‌తో రెండు గంటలు కుస్తీపట్టి, చివరికి ఆ ఆరు లైన్లున్న పేరాలు మొత్తం మళ్లీ చెప్పాను. అప్పటినుంచి ప్రతి ప్రాజెక్టుకీ మైకు, స్టాండు, బొంతలు కనిపించేలా ఫోన్‌లో ఒక ఫోటో తీస్తాను, గెయిన్ అంకె రాసుకుంటాను. సవరణలు చెప్పేటప్పుడు పాత లైను రెండుసార్లు విని, దాన్నే మొదట ఒకసారి చెప్పి, గొంతు కలిశాకే కొత్త లైను చెబుతాను.

మీరు తువ్వాలు, వీపు వెనక బొంత, జానెడు దూరం, ఈ మూడూ చేసి ఆ "టక్" ఒకటీ, పది సెకన్ల ఖాళీ గదీ రికార్డు చేసి ఇక్కడ పెట్టండి. ఫిల్టర్లు ఏమీ వేయకుండా పెట్టండి. విని చెబుతాను.